మారుతల్లి పేరున మొత్తం రాస్తే పెద్దావిడ పిల్లల వాటా ఎటు పోతుంది?

"మాది ఒడిశాలోని గుణుపూరు. నాకు 67 ఏళ్లు. కిరాణా, గుడ్డల కొట్టు ఉంది. మొదటి భార్య 1995లో చనిపోయింది. ఆవిడకి ఒక కొడుకు, ఒక కూతురు. 1997లో మళ్లీ పెళ్లి చేసుకున్నాను. ఈవిడకీ ఒక కూతురు, ఒక కొడుకు. మేమున్న ఇల్లు 1992లో మొదటి భార్య పేరున కొన్నాను. కొట్టు ఉన్న రెండంతస్తుల బిల్డింగు 2006లో నా పేరున కొన్నాను. టెక్కలి దగ్గర మూడెకరాల పల్లపు పొలం మా నాన్న కొన్నది. 1986లో ఆయన పోయాక అన్నదమ్ములం పంచుకుంటే నా వాటాకి వచ్చింది. బ్యాంకులో 14 లక్షలున్నాయి. పెద్దవాడు నాతోపాటే కొట్టు చూసుకుంటాడు. అంతా మా ఆవిడ పేరున రాసి, ఆవిడ తర్వాత నలుగురూ సమానంగా పంచుకోవాలని వీలునామా పెడితే ఏ గొడవా ఉండదని దస్తావేజు రైటరు చెప్పాడు. ఆ మాట విన్నప్పటి నుంచి పెద్దవాడు ముభావంగా ఉంటున్నాడు. నా పిల్లలందరూ నాకు సమానమే. ఇందులో తప్పేముంది?"

మీ మనసులో తప్పేమీ లేదండీ. తప్పంతా ఆ కాగితంలో ఉంది. దయచేసి దాన్ని అలా రాయించకండి. మీ పెద్దబ్బాయికి చట్టం తెలిసి భయపడ్డాడో, ఊరికే మనసుకి తట్టి భయపడ్డాడో నాకు తెలియదు గానీ ఆ భయం మాత్రం నిజమైనదే.

హిందూ స్త్రీ వీలునామా రాయకుండా చనిపోతే ఆవిడ ఆస్తి ఎవరికి పోతుందో 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ చెబుతుంది. ముందు ఆవిడ కన్న కొడుకులు, కూతుళ్లు, భర్త. వాళ్లలో ఏ ఒక్కరున్నా మిగతావాళ్లకి ఏమీ రాదు. సవతి పిల్లలు ఈ మొదటి వరుసలో లేరు. వాళ్లు "భర్త వారసులు" అనే రెండో వరుసలో వస్తారు. అంటే మొదటి వరుస పూర్తిగా ఖాళీ అయితేనే వాళ్ల వంతు. మీ ఆవిడకి ఇద్దరు కన్నపిల్లలున్నారు కాబట్టి ఆస్తి ఒకసారి పూర్తిగా ఆవిడదైపోతే మీ పెద్దబ్బాయికీ, పెద్దమ్మాయికీ చట్టప్రకారం గజం నేల కూడా రాదు. పాతికేళ్లకు పైగా "పిన్నీ" అని పిలిచి ఆవిడ చేతి అన్నం తిన్నా సరే, చట్టానికి ఆ బంధం కనబడదు.

"ఆవిడ తర్వాత నలుగురికీ అని రాస్తున్నాం కదా" అని మీ రైటరు అంటాడు. అసలు చిక్కు అక్కడే ఉంది. ఆవిడకి బతికున్నంత కాలం అనుభవించే హక్కు ఇచ్చి, తర్వాత పిల్లలకి అని రాసిన వీలునామాల మీద మన దేశంలో కేసులకి లెక్కలేదు. అదే చట్టంలో 14వ సెక్షన్ రెండు ముక్కలుగా ఉంటుంది. మొదటి ముక్క ప్రకారం హిందూ స్త్రీ చేతిలో ఉన్న ఆస్తి మీద ఆవిడకి పూర్తి హక్కే. రెండో ముక్క ప్రకారం వీలునామాలోనే పరిమిత హక్కు అని రాస్తే ఆ పరిమితి నిలుస్తుంది. అయితే 1977లో తులసమ్మ కేసులో సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన మాట చెప్పింది. భార్యకి ఉన్న మనోవర్తి హక్కుకు బదులుగా ఆస్తి ఇచ్చినట్టయితే, కాగితం మీద పరిమితి రాసినా అది పూర్తి హక్కుగా మారిపోతుంది. మళ్లీ 2022లో, మీలాగే రెండు పెళ్లిళ్లు అయిన ఒకాయన వీలునామా విషయంలో, రెండో భార్యకి రాసింది జీవితకాల హక్కే, అంతకు మించి కాదు అని అదే కోర్టు తీర్పు ఇచ్చింది. ఇలా రెండు వైపులా తీర్పులు పేరుకుపోవడంతో ఈ చిక్కుముడి విప్పమని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టే దీన్ని పెద్ద ధర్మాసనానికి పంపింది.

మీ ఇంటి సంగతికి వస్తే దీని అర్థం ఇది. మీరు పోయిన పదేళ్లకో పదిహేనేళ్లకో మీ ఆవిడ ఆ బిల్డింగు ఎవరికైనా అమ్మిందనుకోండి, లేదా చిన్నబ్బాయి పేరున రాసిందనుకోండి. పెద్దబ్బాయి కోర్టుకెక్కి "మా నాన్న జీవితకాలానికే ఇచ్చారు" అంటాడు. ఆవిడ ప్లీడరు "మనోవర్తి కింద ఇచ్చారు, కాబట్టి పూర్తి హక్కు" అంటాడు. ఇద్దరి చేతిలోనూ సుప్రీంకోర్టు తీర్పులుంటాయి. కొట్టుకి తాళం పడుతుంది. ఈ కథ ఎన్ని ఇళ్లలో చూశానో చెప్పలేను.

అందుకే నా దగ్గరికి వచ్చే రెండు కాపురాల తండ్రులందరికీ ఒకటే చెబుతాను. రెండో భార్యకి ఏది ఇచ్చినా, అది ఆవిడ కన్నపిల్లలకే పోయినా మీకు బాధ లేదనుకున్న ఆస్తే ఇవ్వండి. పెద్దావిడ పిల్లలకి చేరాలనుకున్నది నేరుగా వాళ్ల పేరునే రాయండి, మధ్యలో ఎవరి చేతికీ ఇవ్వకండి. అలా చేస్తే 14వ సెక్షన్ మీద కోర్టు రేపు ఎటు తేల్చినా మీ పిల్లలకి ఒరిగేదీ తరిగేదీ ఉండదు.

ఇక పంపకానికి ముందు మీది ఏదో, మీది కానిది ఏదో తేల్చుకోవాలి. మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట ఇల్లు. 1992లో పెద్దావిడ పేరున కొన్నారు, 1995లో ఆవిడ పోయింది. పట్టా ఇంకా ఆవిడ పేరునే ఉండి ఉంటుంది. డబ్బు మీదే అయినా కాగితం ప్రకారం అది ఆవిడ ఆస్తి. ఆవిడ వీలునామా రాయలేదు కాబట్టి నేను పైన చెప్పిన వరుసే ఇక్కడా వర్తిస్తుంది. మీరు, పెద్దబ్బాయి, పెద్దమ్మాయి ముగ్గురికీ తలా ఒక వంతు. అంటే ఆ ఇంట్లో మీరు వీలునామా రాయగలిగింది మూడో వంతు మాత్రమే. మొత్తం ఇల్లు మీ ఆవిడకి రాశారనుకోండి, వీలునామా ఎంత చక్కగా రిజిస్టరైనా మూడింట రెండు వంతుల మీద అది చెల్లదు. అమ్మ ఇంటిని నాన్న పిన్నికి రాసేశాడన్న మాట మాత్రం పిల్లల గుండెల్లో ఉండిపోతుంది. "కొన్నది నేను, పేరు మాత్రమే ఆవిడది" అని కోర్టులో వాదించడానికి దారి లేకపోలేదు. కానీ ముప్పై ఏళ్ల కిందటి డబ్బు లెక్కలు రుజువు చేయాలి, అదీ కన్న కొడుకు మీద. ఆ దారి పట్టమని నేను చెప్పను.

పెద్దావిడ బంగారం కూడా ఇదే లెక్క. మీరు ఉత్తరంలో రాయలేదు గానీ ఉండే ఉంటుంది. నా అనుభవంలో స్థలాల కంటే ముందు గొడవ మొదలయ్యేది బంగారం దగ్గరే. అమ్మ పెళ్లినాటి గాజులు పిన్ని చేతికి చూసిన కూతురు ఆ రోజు నోరెత్తదు, నాన్న పోయిన పదమూడో రోజున ఎత్తుతుంది. ఏ నగ ఎన్ని గ్రాములో తూయించి, కాగితం మీద రాసి, మీరు ఉండగానే మీ చేత్తో పెద్దమ్మాయికీ, పెద్దబ్బాయికీ ఇచ్చేసి ఇద్దరి చేతా సంతకం తీసుకోండి. మీ మూడో వంతు కూడా అందులోనే వదిలేస్తే మరీ మంచిది.

టెక్కలి పొలం మీ నాన్నగారు తన డబ్బుతో కొన్నది అంటున్నారు. ఆయన 1986లో పోయారు కాబట్టి ఆయన నుంచి మీకు వచ్చిన వాటా మీ సొంత ఆస్తే, దాన్ని మీ ఇష్టప్రకారం రాసుకోవచ్చు. అదే ఆ పొలం మీ తాతగారి నాటి నుంచి వస్తున్న ఉమ్మడి ఆస్తి అయి ఉంటే, నలుగురు పిల్లలకీ పుట్టుకతోనే అందులో వాటా ఉండేది, మీ భాగం వరకే మీరు రాయగలిగేవారు. ఈ తేడా తెలియక మొత్తం పొలం రాసేసేవాళ్లు చాలామంది ఉన్నారు. అయితే నాకొక అనుమానం. "అన్నదమ్ములం పంచుకున్నాం" అన్నారు. అక్కచెల్లెళ్లు లేరా? ఉంటే 1956 చట్టం ప్రకారం మీ నాన్నగారి స్వార్జితంలో వాళ్లకీ మీతో సమానంగా వాటా ఉంది. వాళ్ల చేత విడుదల దస్తావేజు రాయించుకున్నారో లేదో పాత కాగితాలు తీసి చూడండి. లేకపోతే ఇప్పుడు రాయించుకోండి. రేపు మేనత్త పిల్లలు వచ్చి అడిగితే మీ పిల్లలకి సమాధానం ఉండదు.

కొట్టు బిల్డింగు విషయంలో ఒక్క మాట. మీ రాయగడ జిల్లా అంతా షెడ్యూల్డ్ ఏరియా కాబట్టి, ఆ స్థలం ఎప్పుడైనా ఆదివాసీల చేతి నుంచి అనుమతి లేకుండా మారిందేమో పాత లింకు దస్తావేజుల్లో చూసుకోండి. 1956 నాటి ఒడిశా రెగ్యులేషన్ ప్రకారం అలాంటి కొనుగోలు చెల్లదు. వీలునామా దాన్ని బాగుచేయలేదు.

ఇప్పుడు లెక్క వేద్దాం. ధరలు మీరు రాయలేదు, నేను అనుకుంటున్నాను. మీ ఊరి ధరలు పెట్టి మీరు తిరిగి వేసుకోండి. ఇల్లు 45 లక్షలు, కొట్టు బిల్డింగు 60 లక్షలు, పొలం ఎకరం 12 లక్షల చొప్పున 36 లక్షలు, బ్యాంకులో 14 లక్షలు. ఇంట్లో మీ వంతు 15 లక్షలే. కాబట్టి నిజంగా మీది 125 లక్షలు. మీరు ఏమీ రాయకుండా పోతే ఇది మీ ఆవిడకీ నలుగురు పిల్లలకీ ఐదు సమాన వాటాలు అవుతుంది, తలా 25 లక్షలు. పెద్దపిల్లలిద్దరికీ దీనితోపాటు వాళ్ల అమ్మ ఇంట్లో 15 లక్షల చొప్పున ముందే ఉంది. అది మీరిచ్చింది కాదు. "వాళ్లకి ఇంట్లో ఉందిగా" అని అది మీ ఆస్తి పంపకంలో తగ్గించడం న్యాయం కాదని నా అభిప్రాయం.

అంటే పెద్దపిల్లలిద్దరికీ కలిపి 80 లక్షలు చేరాలి, మీ ఆవిడకీ చిన్నపిల్లలిద్దరికీ కలిపి 75 లక్షలు. ఇప్పుడు చిత్రం చూడండి. మీ ఆవిడ పాతికేళ్లకు పైగా కాపురం చేస్తున్న ఇంట్లో మూడింట రెండు వంతులు పెద్దపిల్లలవి. పెద్దబ్బాయి రోజూ షట్టరెత్తి కూర్చునే కొట్టు మీ పేరున ఉంది. ఎవరు ఎక్కడ ఉంటున్నారో అక్కడ వాళ్ల హక్కు లేదు. మీరు పోయాక గొడవ రావడానికి ఇంతకంటే ఏం కావాలి? కాబట్టి మార్పిడి జరగాలి. ఇల్లు పూర్తిగా చిన్నపిల్లల వైపుకి రావాలి, కొట్టు బిల్డింగు పూర్తిగా పెద్దపిల్లల వైపుకి పోవాలి. కొట్టు 60 లక్షలు, దానికి పొలంలో 20 లక్షల విలువైన 1 ఎకరం 67 సెంట్లు కలిపితే పెద్దపిల్లల 80 లక్షలు సరిపోతాయి. ఇల్లు 45, బ్యాంకు 14, మిగిలిన 1 ఎకరం 33 సెంట్లకి 16, అటు 75 సరిపోతుంది.

ఈ మార్పిడిని వీలునామాలో పెట్టకండి. ఇది చాలామంది పెద్దమనుషులు కూడా పట్టించుకోని సంగతి. వీలునామా అంటే మీరు కన్నుమూసే వరకూ ఎప్పుడైనా మార్చుకోగలిగే కాగితం. "మీరు ఇంట్లో వాటా వదిలెయ్యండి, నేను వీలునామాలో కొట్టు రాస్తాను" అంటే మీ పెద్దబ్బాయి ఏ ధైర్యంతో వదులుతాడు? మీరు మార్చరని అతనికి తెలుసు. కానీ మంచం పట్టిన తండ్రి చేత ఎవరేం సంతకం పెట్టిస్తారో ఎవరికి తెలుసు? కాబట్టి ఇల్లూ కొట్టూ మీరుండగానే, ఒకే రోజు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో జరగాలి. పెద్దపిల్లలిద్దరూ ఇంట్లో తమ రెండు వంతులూ మీకు విడుదల చేస్తారు. మీరు కొట్టు బిల్డింగు వాళ్లిద్దరికీ రాసిస్తారు. దీన్ని కుటుంబ సెటిల్మెంటుగా ఒకే దస్తావేజులో పెట్టాలా, రెండు దస్తావేజులుగా పెట్టాలా అన్నది స్టాంపు ఖర్చుని బట్టి మీ ప్లీడరు తేలుస్తాడు. ఖర్చు అవుతుంది, నిజమే. కానీ ఏళ్ల తరబడి నడిచే సివిల్ దావా కంటే అదే నయం.

బిల్డింగులో కింది కొట్టు పెద్దబ్బాయికి, పై అంతస్తు పెద్దమ్మాయికి అనుకుంటే దాన్ని రెండు మాటల్లో తేల్చేయకండి. పైకి మెట్లు ఎటు నుంచి, ఆ మెట్లదారి ఎవరిది, కరెంటు మీటరు విడిగా పెట్టాలా, నీళ్ల ట్యాంకు ఎవరు కడిగించాలి, పై స్లాబు మీద ఇంకో అంతస్తు వేసుకునే హక్కు ఎవరిది అన్నవన్నీ రాయండి. మీరు బతికున్నంత కాలం కొట్టు నడిపే హక్కు, పై అంతస్తు అద్దె తీసుకునే హక్కు మీకే ఉంటాయని కూడా అదే దస్తావేజులో రాయించుకోండి. ఆస్తి ముందే ఇచ్చేసి చివరికి కొడుకు చేతి వైపు చూసే తండ్రి స్థితి మీకు రాకూడదు.

మిగిలినదానికే వీలునామా. ఇల్లు చిన్నమ్మాయికీ చిన్నబ్బాయికీ చెరిసగం. ఆ ఇంట్లో మీ ఆవిడకి బతికున్నంత కాలం ఉండే హక్కు. 1 ఎకరం 33 సెంట్ల పొలం, బ్యాంకు డబ్బు ఆవిడకి పూర్తి హక్కుతో. 1 ఎకరం 67 సెంట్లు పెద్దమ్మాయికి. బిల్డింగులో పెద్దమ్మాయికి వచ్చింది పెద్దబ్బాయి కంటే తక్కువ, దాన్ని పొలం సరిచేస్తుంది. మీ ఆవిడ వాటాలు కూడితే 30 లక్షలు అవుతుంది, చిన్నపిల్లలకి తలా 22న్నర. ఆవిడకి కాస్త ఎక్కువ ఇచ్చినా ఫర్వాలేదు, అది చివరికి చేరేది ఆ ఇద్దరికే. ఇప్పుడు 14వ సెక్షన్ సంగతి గుర్తుచేసుకోండి. రేపు కోర్టు "ఇంట్లో ఉండే హక్కు పూర్తి హక్కుగా మారిపోయింది" అన్నా, ఆ ఇల్లు ఆవిడ నుంచి పోయేది మళ్లీ ఆవిడ కన్న పిల్లలకే. పెద్దపిల్లలకి నష్టం లేదు. మీ రైటరు చెప్పిన పద్ధతికీ దీనికీ తేడా ఇదే.

వీలునామాలో లేని ఆస్తి ఏదైనా మిగిలితే ఐదుగురికీ సమానం అని ఒక వాక్యం చివర పెట్టండి. పిల్లల్లో ఎవరైనా మీకంటే ముందు పోతే వాళ్ల వాటా వాళ్ల పిల్లలకి అని ఇంకో వాక్యం. బ్యాంకులో నామినీగా ఎవరి పేరుందో కూడా చూసుకోండి. బ్యాంకు డబ్బు నామినీ చేతిలో పెడుతుంది గానీ దానితో నామినీ యజమాని అయిపోడు, వీలునామాలో రాసినవాళ్లకి ఇవ్వాల్సిందే. నామినీ చిన్నబ్బాయి, వీలునామాలో పేరు తల్లిది అయితే అన్యోన్యంగా ఉన్న తల్లీకొడుకుల మధ్య కూడా ఇబ్బంది వస్తుంది. రెండు చోట్లా ఒకే పేరు ఉండేలా మార్పించండి.

ఇక రాసే పద్ధతి. మన సరిహద్దు ఊళ్లలో ప్రత్యేకంగా వచ్చే ఒక ప్రమాదం గురించి కాస్త వివరంగా చెబుతాను. నేను పనిచేసిన కోర్టులో ఒక పెద్దాయన వీలునామా కేసు నడిచింది. ఆయన ఒడియా ధారాళంగా మాట్లాడేవాడు. సంతలో, ఆఫీసులో, పక్కింటివాళ్లతో అంతా ఒడియాలోనే. కానీ చదువుకున్నది తెలుగు బడిలో, ఒడియా అక్షరాలు రావు. రైటరు వీలునామా ఒడియాలో రాశాడు. చివర పెద్దాయన తెలుగులో గుండ్రంగా, అందంగా సంతకం పెట్టాడు. రిజిస్ట్రేషన్ కూడా అయింది. కోర్టులో ఎదుటి ప్లీడరు ఆ కాగితం సాక్షి ముందు పెట్టి ఒకే ప్రశ్న అడిగాడు: "ఈయనకి ఇది చదవడం వచ్చా?" సాక్షి రాదన్నాడు. "మరి ఎవరు చదివి వినిపించారు?" సాక్షి గుర్తులేదన్నాడు. ఆ రెండు జవాబులతో ఆ కాగితం మీద నీడ పడింది. వీలునామా చుట్టూ అనుమానం కలిగించే పరిస్థితులుంటే, వాటిని తొలగించే బాధ్యత దాన్ని చూపించేవాళ్లదే అని సుప్రీంకోర్టు 1958లోనే చెప్పింది. రిజిస్టరైనంత మాత్రాన ఆ బాధ్యత పోదు.

కాబట్టి మీరు ఏ లిపి చదవగలరో ఆ భాషలోనే రాయించండి. తెలుగైతే తెలుగు. మీ సబ్ రిజిస్ట్రారుకి తెలుగు రాకపోతే ఒడియా అనువాదం జతచేయమంటారు, చేయండి. లేదా ఒడియాలోనే రాయాల్సి వస్తే "నాకు ఒడియా చదవడం రాదు, ఫలానావారు ఇది మొత్తం నాకు తెలుగులో చదివి వినిపించారు, అర్థం చేసుకుని సంతకం పెట్టాను" అని వీలునామాలోనే ఉండాలి, ఆ చదివినాయన సంతకం కూడా ఉండాలి. వీలునామాకి స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్ల కాగితం చాలు. టెక్కలి పొలం ఆంధ్రాలో ఉన్నా వీలునామా గుణుపూరులోనే రిజిస్టరు చేసుకోవచ్చు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ రెండు కాపురాల ఇంట్లో అది లేకుండా ఉండకూడదు.

సాక్షులు కనీసం ఇద్దరు. మీరు సంతకం పెట్టడం వాళ్లు చూడాలి, మీ ముందే వాళ్లు సంతకం పెట్టాలి. రేపు కోర్టులో వాళ్లలో ఒక్కరైనా వచ్చి ఈ రెండు మాటలూ చెప్పాలి. అందుకని మీ ఈడువాళ్లని పెట్టకండి, మీకంటే పదిహేను ఇరవై ఏళ్లు చిన్నవాళ్లని పెట్టండి. మీ ఆవిడ అన్నదమ్ముల్నీ, పెద్దబ్బాయి బావమరుదుల్నీ, కొట్టులో గుమాస్తాలనీ పెట్టకండి. మీకు బీపీ, షుగరు చూసే డాక్టరు ఎవరైనా ఉంటే ఆయన్నే ఒక సాక్షిగా రమ్మనండి. రాలేనంటే అదే రోజు తేదీతో మీరు తెలివిగా, నిబ్బరంగా ఉన్నారని సర్టిఫికెట్ రాయించుకోండి. ఏ ఆస్పత్రి మంచం మీదో కాకుండా ఇప్పుడు, కొట్టు నడుపుతున్న రోజుల్లో ఈ పని చేయడమే సగం బలం.

ఎవరికి ఏది ఎందుకు ఇచ్చారో వీలునామాలో మీ మాటల్లో నాలుగు ముక్కలు రాయండి. "పెద్దబ్బాయి, పెద్దమ్మాయికి కొట్టు ఇదివరకే ఇచ్చాను, వాళ్లు ఇంట్లో వాళ్ల అమ్మ వాటా వదులుకున్నారు కాబట్టి ఇల్లు చిన్నవాళ్లకి ఇస్తున్నాను" అని. మొదటి భార్య పేరు, ఆవిడ పోయిన తేదీ, రెండో పెళ్లి తేదీ కూడా రాయండి. పెద్దావిడ బతికుండగానే రెండో పెళ్లి జరిగిందని ఎవరూ రేపు అనకుండా. అమలు చేసే బాధ్యత పిల్లల్లో ఎవరికీ ఇవ్వకండి, రెండు వైపులా గౌరవించే ఒక మాస్టారికో, పాత స్నేహితుడికో ఇవ్వండి.

చివరగా, ఇదంతా చాటుగా చేయకండి. పెద్దబ్బాయి మొహం మాడ్చుకున్నది వాటా తగ్గుతుందని కాకపోవచ్చు, తనతో ఒక్క మాటైనా అనకుండా రైటరుతో మాట్లాడారన్న బాధ కావచ్చు. రేపు కొట్టు కట్టేశాక అతన్ని కూర్చోబెట్టుకుని బీరువా తీయండి. ఇంటి పట్టా బయటికి తీసి, "ఇందులో మీ అమ్మ పేరుంది, రెండు వంతులు నీదీ చెల్లెలిదీ" అని మీ నోటితో చెప్పండి. మార్పిడి సంగతి ఆ తర్వాత మాట్లాడండి. పెద్దమ్మాయిని కూడా పిలిపించండి, ఆమె సంతకం లేకుండా ఇల్లు కదలదు. అవసరమైన కాగితాలు ఇవి: ఇంటి పట్టా, పెద్దావిడ మరణ ధ్రువపత్రం, వారసుల సర్టిఫికెట్, కొట్టు దస్తావేజు, టెక్కలి పొలం అడంగల్, 1బి. మరణ ధ్రువపత్రం ఇన్నేళ్లకి దొరక్కపోతే ముందు దాని పనే మొదలుపెట్టండి, అన్నిటికంటే ఎక్కువ రోజులు పట్టేది అదే.